రిటైరైన తర్వాత మళ్లీ ప్రైవేటు ఉద్యోగం: పాత పింఛను ఏమవుతుంది, కొత్త పీఎఫ్ ఎక్కడికి వెళ్తుంది?

విజయవాడ ఆటోనగర్‌లోని షెడ్లలోనూ, గుంటూరు చుట్టుపక్కల ఉన్న స్పిన్నింగ్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలలోనూ 58 ఏళ్లు నిండిన అకౌంటెంట్లు, స్టోర్ కీపర్లు, సూపర్‌వైజర్లు ఒకచోట రిటైరై కొద్ది నెలలకే మరొకచోట చేరడం మామూలు విషయమే. పని తెలిసిన మనిషి దొరికాడని యాజమాన్యం, పింఛను ఒక్కదానితో ఇల్లు గడవదని ఉద్యోగి ఇద్దరూ తొందరపడతారు. ఆ తొందరలో జీతం ఎంత, సెలవులెన్ని అన్నవే మాట్లాడుకుంటారు. పీఎఫ్ కోస్తారా, కోస్తే ఆ డబ్బు ఏ ఖాతాలో పడుతుంది, వస్తున్న పింఛను ఆగిపోతుందా, ఈ కొత్త సర్వీసుకు మరో పింఛను వస్తుందా అన్న ప్రశ్నలు మాత్రం మొదటి జీతం చీటీ చేతికొచ్చాక గానీ గుర్తుకు రావు. అప్పటికి వాటిలో ఒక ముఖ్యమైన ప్రశ్నకు జవాబు ఉద్యోగికి తెలియకుండానే, రిటైరైన రోజుల్లో ఆయన సంతకం చేసిన ఫారంతో తేలిపోయి ఉంటుంది.

ముందుగా పింఛను సంగతి. ప్రైవేటు ఉద్యోగులకు వచ్చేది 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కింద ఇచ్చే పింఛను. ఇందులో సభ్యత్వం 58 ఏళ్లు నిండగానే ముగుస్తుంది. ఉద్యోగంలో కొనసాగుతున్నా, మానేసి మరో చోట చేరినా తేడా లేదు. యాభై దాటిన తర్వాత, 58 నిండకముందే తగ్గింపు పింఛను తీసుకున్నవారికి ఆ పింఛను మంజూరైన రోజునే సభ్యత్వం ముగుస్తుంది. కాబట్టి 53 ఏళ్లకు మిల్లు మూతపడి తగ్గింపు పింఛను పెట్టుకున్న వ్యక్తి 55వ ఏట మరో కంపెనీలో చేరినా, ఆ కంపెనీలో చేసిన సర్వీసు పింఛను లెక్కలోకి రాదు. రెండో పింఛను ఉండదు, ఉన్న పింఛనూ పెరగదు. అలాగని వస్తున్న పింఛను ఆగిపోదు, తగ్గదు. ఎంత జీతానికి చేరినా పింఛను దారి పింఛనుదే, జీతం దారి జీతానిదే. ఉద్యోగంలో చేరితే పింఛను ఆపేస్తారేమోనన్న భయంతో చేరిన విషయాన్ని దాచిపెట్టేవారు ఉన్నారు. ఆ భయానికి ఆధారం లేదు, పైగా దాచడం వల్ల జరిగే నష్టం చాలా ఉంది.

పీఎఫ్ సంగతి వేరు. పీఎఫ్ సభ్యత్వానికి గరిష్ఠ వయసు లేదు. 65 ఏళ్ల ఉద్యోగికీ పీఎఫ్ కోయవచ్చు, కోయవలసి కూడా ఉంటుంది. అయితే 1952 నాటి పీఎఫ్ పథకంలో ఒక మినహాయింపు ఉంది. 55 ఏళ్లు నిండిన తర్వాత ఉద్యోగ విరమణ చేసి, ఆ కారణంతో తన ఖాతాలోని మొత్తాన్ని పూర్తిగా తీసేసుకున్న సభ్యుడు ఆ తర్వాత ఎక్కడ చేరినా మినహాయింపు పొందిన ఉద్యోగి అవుతాడు. కొత్త యజమాని అతనికి పీఎఫ్ కట్టి తీరాలన్న నిబంధన లేదు. ఖాతాను తీయకుండా ఉంచుకున్నవాడు మాత్రం సభ్యుడిగానే ఉంటాడు. అతని కొత్త జీతం 15,000 రూపాయల పరిమితి దాటినా సరే, కనీసం ఆ పరిమితి మేరకైనా కొత్త యజమాని పీఎఫ్ కట్టాలి. అంటే పింఛను సభ్యత్వాన్ని ముగించేది వయసు లేదా పింఛను మంజూరు; పీఎఫ్ విషయంలో మాత్రం, రిటైరయ్యాక మొత్తం డబ్బు తీసుకునే ఫారం 19 పెట్టారా లేదా అన్నదే నిర్ణయిస్తుంది. పింఛను కోసం పెట్టే ఫారం 10డికి దీనితో సంబంధం లేదు. పింఛను తీసుకుంటూ పీఎఫ్ ఖాతాను అలాగే ఉంచుకోవచ్చు. ఈ రెండు ఫారాలూ ఒకే రోజు కలిపి పెట్టడం అలవాటుగా మారిపోవడం వల్లే చాలామంది తాము ఎంచుకున్నామని తెలియకుండానే ఒక దారిని ఎంచుకుంటున్నారు.

లెక్కతో చూస్తే విషయం తేటపడుతుంది. గుంటూరు దగ్గరి ఒక స్పిన్నింగ్ మిల్లులో 2006 సెప్టెంబరు 1న చేరిన స్టోర్ అకౌంటెంట్‌కు 2025 ఆగస్టు నెలాఖరుకు 58 ఏళ్లు నిండి రిటైరయ్యాడనుకుందాం. చివరి జీతం 26,000 రూపాయలు, పీఎఫ్ మాత్రం 15,000 పరిమితి మీదే కట్టారు. సర్వీసు మొత్తం 19 ఏళ్లు. పింఛను లెక్కలో 2014 సెప్టెంబరు 1కి ముందున్న ఎనిమిదేళ్లకు అప్పటి పరిమితి 6,500 రూపాయలు, తర్వాతి పదకొండేళ్లకు 15,000 రూపాయలు ఆధారం. జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తే మొదటి భాగానికి సుమారు 743, రెండో భాగానికి సుమారు 2,357, కలిపి నెలకు 3,100 రూపాయల పింఛను వస్తుంది. మూడు నెలల విరామం తర్వాత, 2025 డిసెంబరు 1న ఆయన విజయవాడలోని ఒక కోల్డ్ స్టోరేజీలో ఏడాది కాంట్రాక్టు మీద, అలవెన్సులు ఏమీ లేని 18,000 రూపాయల జీతానికి చేరాడు.

ఆయన ఫారం 10డి మాత్రమే పెట్టి పీఎఫ్‌ను కదపకుండా ఉంచాడనుకుంటే, కోల్డ్ స్టోరేజీ యాజమాన్యం ఆయనకు పీఎఫ్ కట్టాలి. 15,000 మీద 12 శాతం చొప్పున జీతం నుంచి 1,800 రూపాయలు పోతాయి, యజమాని అంతే మొత్తం కలుపుతాడు. మామూలు ఉద్యోగి విషయంలో యజమాని వాటాలో 8.33 శాతం, అంటే 1,250 రూపాయలు పింఛను నిధికి వెళ్లి, మిగిలిన 550 పీఎఫ్‌లో పడతాయి. ఈయన పింఛను సభ్యత్వం ముగిసింది కాబట్టి యజమాని వాటా 1,800 మొత్తంగా పీఎఫ్‌లోనే పడాలి. ఏడాదికి ఇద్దరి వాటా కలిపి 43,200 రూపాయలు జమ అవుతాయి. ఆ పైన వడ్డీ ఉంటుంది; 2024-25కి పీఎఫ్ వడ్డీ రేటు 8.25 శాతం. పాత ఖాతాలోని నిల్వ కూడా బదిలీ అయి ఇందులోనే కలుస్తుంది. బదిలీ వల్ల మరో మేలు ఉంది. 55 దాటి రిటైరై, మళ్లీ ఎక్కడా చేరకుండా, డబ్బూ తీయకుండా ఉంటే 36 నెలల తర్వాత ఖాతా నిష్క్రియమై వడ్డీ ఆగిపోతుంది. కొత్త చందా పడుతున్న ఖాతాకు ఆ ప్రమాదం లేదు.

అదే వ్యక్తి రిటైరైన నెలలోనే ఫారం 19 కూడా పెట్టి మొత్తం తీసేసుకుని ఉంటే, కోల్డ్ స్టోరేజీ ఆయనకు పీఎఫ్ కట్టనవసరం లేదు. జీతం 18,000లో 1,800 కోత తప్పుతుంది కానీ, యజమాని కలపవలసిన 1,800 కూడా రాదు. చేతికి ఎక్కువ వస్తోందని సంతోషించేవారు ఆ రెండో అంకెను లెక్కలోకి తీసుకోవడం లేదు. యజమాని, ఉద్యోగి ఇద్దరూ కలిసి పీఎఫ్ కార్యాలయానికి రాతపూర్వకంగా అడిగితే సభ్యుడిగా చేర్చుకునే వీలు ఉంది. అయితే తన మీద భారం పెరిగే సంతకం పెట్టమని కొత్త యజమానిని అడగడం రిటైరై వచ్చిన ఉద్యోగికి ఏమంత సులభం కాదు. పైగా ఈ ఖాతా కొత్తది. పాత సర్వీసు దీనికి కలవదు. ఐదేళ్లు నిండకముందే తానే మానేసి డబ్బు తీసుకుంటే దాని మీద ఆదాయపు పన్ను పడుతుంది. పాత నిల్వను బదిలీ చేసుకున్నవారికి పాత సర్వీసు కూడా ఐదేళ్ల లెక్కలో కలుస్తుంది. మళ్లీ పనిచేసే ఆలోచన ఏ కొంచెం ఉన్నా, అప్పు తీర్చడం, పెళ్లి ఖర్చు వంటి తక్షణ అవసరం లేనప్పుడు, ఫారం 10డి మాత్రమే పెట్టి ఫారం 19ని ఆపడమే మేలని ఈ లెక్కలు చెబుతాయి.

ఇక్కడ ‘పూర్తిగా’ అన్న మాటను, విరమణ కారణాన్ని జాగ్రత్తగా చూడాలి. సర్వీసులో ఉండగా ఇంటికోసమో వైద్యంకోసమో కొంత అడ్వాన్సు తీసుకున్నంత మాత్రాన ఎవరూ మినహాయింపులోకి రారు. అలాగే పాత యజమాని ఆన్‌లైన్‌లో ఉద్యోగ విరమణ తేదీతో పాటు కారణం కూడా నమోదు చేస్తాడు. అక్కడ పదవీ విరమణ అని కాకుండా మామూలుగా ఉద్యోగం మానేసినట్టు నమోదు చేసి ఉంటే, డబ్బు ఏ కారణం కింద వచ్చిందన్న ప్రశ్న కొత్త చోట మళ్లీ లేస్తుంది. అందుకే మిల్లు నుంచి బయటకు వచ్చేముందే సేవా వివరాల్లో ఆ కారణం ఏమని ఉందో చూసుకోవాలి. అక్కడ ఉన్నప్పుడు ఒక్క రోజులో సరిచేయించుకునేదాన్ని రెండేళ్ల తర్వాత సరిచేయించాలంటే పాత కంపెనీ చుట్టూ తిరగాలి.

కొత్త యజమాని వైపు ఎక్కువగా జరిగే పొరపాటు పింఛను వాటాను ఆపకపోవడం. నెలనెలా పీఎఫ్ చలాను కోసం అప్‌లోడ్ చేసే ఈసీఆర్‌లో ప్రతి ఉద్యోగికీ పీఎఫ్ జీతం, పింఛను జీతం, బీమా జీతం వేర్వేరు గడుల్లో ఉంటాయి. 58 దాటినవారికి పింఛను జీతం గడిలో సున్నా ఉండాలి, పింఛను చందా గడిలోనూ సున్నా ఉండాలి. పాత ఫైలునే కాపీ చేసి పంపే చోట ఆ గడిలో 15,000, 1,250 అలాగే ఉండిపోతాయి. దీనికి మరో మూలం పుట్టిన తేదీ. యూఏఎన్‌లో నమోదైన తేదీ అసలు వయసు కంటే రెండు మూడేళ్లు తక్కువగా ఉంటే రికార్డు ప్రకారం ఆయనకు ఇంకా 58 రాలేదు కాబట్టి తప్పు ఎవరికీ కనిపించదు. మూడో మూలం కొత్త యూఏఎన్. చేరేటప్పుడు నింపే ఫారం 11 డిక్లరేషన్‌లో గతంలో పీఎఫ్, పింఛను సభ్యులా, పాత యూఏఎన్ ఏది, విరమణ తేదీ ఏది, పింఛను చెల్లింపు ఉత్తర్వు అంటే పీపీఓ నంబరు ఎంత అని అడుగుతారు. పింఛను సంగతి చెబితే ఉద్యోగం ఇవ్వరేమోనని ఆ గడులు ఖాళీగా వదిలినవారికి కొత్త సభ్యుడిగా యూఏఎన్ పుడుతుంది, దానితోనే పింఛను చందా మొదలవుతుంది.

ఈ పొరపాటును ఉద్యోగి స్వయంగా కనిపెట్టవచ్చు. పీఎఫ్ పాస్‌బుక్‌లో ప్రతి నెలకూ ఉద్యోగి వాటా, యజమాని వాటా, పింఛను చందా మూడు నిలువు వరుసల్లో ఉంటాయి. మన అకౌంటెంట్ పాస్‌బుక్‌లో డిసెంబరుకు 1,800, 1,800, సున్నా ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. 1,800, 550, 1,250 ఉంటే తప్పు. ఆ లెక్కన ఏడాదిలో 15,000 రూపాయలు ఆయనకు ఏ పింఛనూ తెచ్చిపెట్టని నిధిలోకి వెళ్లిపోతాయి. దీన్ని సరిచేయవలసింది యజమాని. ఉద్యోగి వయసు రుజువు, పీపీఓ ప్రతి జతచేసి పింఛను ఖాతా అయిన 10వ నంబరు ఖాతా నుంచి పీఎఫ్ ఖాతా అయిన 1వ నంబరు ఖాతాకు ఆ మొత్తాన్ని మార్చమని పీఎఫ్ కార్యాలయాన్ని కోరాలి. ఆరు నెలల్లో పట్టుకుంటే ఇది చిన్న పని, ఉద్యోగం మానేసి ఫారం 19 పెట్టినప్పుడు బయటపడితే క్లెయిమే ఆగిపోతుంది. చేరిన రెండో నెలలోనే పాస్‌బుక్ తెరిచి మూడో వరుస చూడటం ఇందుకే అవసరం.

58 దాటాక పింఛను వాటా కొనసాగే సందర్భం ఒకటి ఉంది. పింఛను మొదలుపెట్టకుండా 60 ఏళ్ల వరకు వాయిదా వేసుకునే ఐచ్ఛికాన్ని 2016లో తెచ్చారు. వాయిదా వేసిన ప్రతి ఏడాదికీ పింఛను 4 శాతం పెరుగుతుంది. చందా కట్టకుండా వాయిదా వేయవచ్చు, చందా కొనసాగిస్తూనూ వాయిదా వేయవచ్చు. ఒకసారి పింఛను మొదలయ్యాక ఈ అవకాశం పోతుంది. మన లెక్కలో చందా లేకుండా రెండేళ్లు వాయిదా వేస్తే 3,100 రూపాయల పింఛను సుమారు 3,353 అవుతుంది. నెలకు 253 రూపాయల పెరుగుదల కోసం ఆయన రెండేళ్లలో వదులుకునేది 74,400 రూపాయలు. అంత తిరిగి రావాలంటే 60 తర్వాత దాదాపు 294 నెలలు, అంటే 84 దాటేదాకా పింఛను తీసుకోవాలి. ఆ మధ్యలో ఆ డబ్బు మీద వచ్చే వడ్డీని ఇందులో లెక్కించనే లేదు. చందాతో వాయిదా వేస్తే, పీఎఫ్ నుంచి మళ్లే 15,000 రూపాయలకు బదులుగా ఏడాది సర్వీసు కలిసి నెల పింఛను కనీసం 214 రూపాయలు పెరుగుతుంది. ఇది విడిగా చూస్తే నష్టం కాదు, కానీ ఆ రెండేళ్లూ పింఛను వదులుకోవడమన్న ఖర్చు దీనికీ ఉంటుంది. జీతం బాగా వస్తూ, ఆరోగ్యం బాగున్నవారు ఆలోచించవచ్చు. మళ్లీ ఉద్యోగంలో చేరింది ఇల్లు గడవడానికే అయినవారికి 58కే పింఛను తీసుకోవడం మంచిది.

పింఛను పెరగకపోయినా కొత్త ఉద్యోగంతో వచ్చే కొత్త హక్కులు లేకపోలేదు. వాటిలో ఎక్కువమందికి తెలియనిది బీమా. పీఎఫ్ సభ్యత్వానికి జోడించిన ఈడీఎల్ఐ బీమాకు యజమాని 0.5 శాతం, అంటే 15,000 మీద 75 రూపాయలు కట్టాలి. 58 దాటి పింఛను చందా ఆగినా, పీఎఫ్ కడుతున్నంత కాలం ఈ చెల్లింపు కొనసాగాలి. సర్వీసులో ఉండగా ఉద్యోగి చనిపోతే నామినీకి నిబంధనల ప్రకారం గరిష్ఠంగా 7 లక్షల రూపాయల వరకు వస్తుంది. మన అకౌంటెంట్ మరణిస్తే భార్యకు వచ్చే పింఛను మాత్రం కొత్త సర్వీసుతో సంబంధం లేకుండా పాత 3,100లో సగం, అంటే 1,550 రూపాయలే. ఆ కుటుంబానికి బీమా విలువ ఎంతో ఈ రెండు అంకెలే చెబుతాయి. ఫారం 19 పెట్టి పీఎఫ్ వదులుకున్నవారికి పీఎఫ్‌తో పాటు ఈ బీమా కూడా లేకుండా పోతుంది. పీఎఫ్ కొనసాగించుకున్నవారు ఈ-నామినేషన్‌ను మళ్లీ చూసుకోవాలి, పాత నామినేషన్‌లో తల్లిదండ్రుల పేర్లే ఉండిపోయిన ఖాతాలు తక్కువేమీ కాదు.

ఈఎస్ఐకి కూడా వయోపరిమితి లేదు. మిల్లులో 26,000 జీతం వల్ల పథకానికి బయట ఉన్న ఈయన, 18,000 జీతంతో 21,000 పరిమితి లోపలికి వస్తాడు. ఆయన జీతం నుంచి 0.75 శాతం చొప్పున 135 రూపాయలు, యజమాని వైపు నుంచి 3.25 శాతం చొప్పున 585 రూపాయలు వెళ్తాయి. గుణదల ఈఎస్ఐ ఆసుపత్రిలో భార్యాభర్తలిద్దరికీ వైద్యం అందే దారి 58 తర్వాత తెరుచుకోవడం చిన్న విషయం కాదు. రిటైరైన వయసు కారణంగా ఈఎస్ఐ వర్తించదని చెప్పే యజమాని మాట సరైంది కాదు.

గ్రాట్యుటీలో పాత సర్వీసు మిల్లు దగ్గరే ముగిసింది, కొత్త లెక్క కోల్డ్ స్టోరేజీలో చేరిన రోజు నుంచి మొదలవుతుంది. ఇదివరకు ఐదేళ్లు నిండితేనే గ్రాట్యుటీ వచ్చేది కాబట్టి ఏడాది ఏడాదికి కాంట్రాక్టు రాయించుకునే రిటైర్డ్ ఉద్యోగులకు అది దాదాపు అందని హక్కుగానే ఉండేది. 2025 నవంబరు 21న సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చాక, నిర్ణీత కాలానికి రాతపూర్వక కాంట్రాక్టు మీద పనిచేసినవారికి ఏడాది సర్వీసుతోనే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. 18,000 జీతం మీద పదిహేను రోజుల వేతనాన్ని నెలకు 26 రోజుల లెక్కన కడితే ఏడాదికి సుమారు 10,385 రూపాయలు. కాంట్రాక్టు కాగితం మీద ప్రారంభ తేదీ, ముగింపు తేదీ స్పష్టంగా ఉంటేనే ఈ హక్కు నిలుస్తుంది, కాబట్టి నోటిమాట నియామకంతో సరిపెట్టుకోకూడదు. పాత మిల్లే మళ్లీ తీసుకున్న సందర్భంలో పాత గ్రాట్యుటీ పూర్తిగా చెల్లించారా, విరమణ ఉత్తర్వు, కొత్త నియామక ఉత్తర్వు విడివిడిగా ఉన్నాయా అన్నది చూడాలి. మధ్యలో విరామం లేకుండా, గ్రాట్యుటీ చెల్లించకుండా పని కొనసాగితే అది ఒకే సర్వీసుగా లెక్కకు వస్తుంది. గ్రాట్యుటీ మీద పన్ను మినహాయింపు 20 లక్షల పరిమితి మాత్రం జీవితకాలానికి కలిపి ఒకటే. మిల్లు దగ్గర వాడుకున్నంత ఇందులోంచి తగ్గుతుంది.

ఈ హక్కులన్నింటినీ ఒక్క దెబ్బతో దూరం చేసే పద్ధతి ‘కన్సల్టెంట్’ అన్న పేరు. 58 దాటిన మనిషిని అదే టైముకు రమ్మని, అదే హాజరు పట్టీలో సంతకం పెట్టించుకుని, సెలవుకు అనుమతి అడగమని చెప్పి, జీతాన్ని మాత్రం వృత్తి రుసుముగా చూపిస్తారు. పీఎఫ్, ఈఎస్ఐ, గ్రాట్యుటీ ఒక్కటీ ఉండవు. చట్టం పేరును కాక పని స్వభావాన్ని చూస్తుంది. ఎవరి అదుపులో, ఎవరి సమయానికి, ఎవరి సామగ్రితో పనిచేస్తున్నారన్నదే ఉద్యోగి అవునో కాదో నిర్ణయిస్తుంది. నెలకు రెండుసార్లు వచ్చి లెక్కలు సరిచూసి వెళ్లే వ్యక్తి నిజంగా కన్సల్టెంటే కావచ్చు, కానీ ఉదయం తొమ్మిదింటికి గేటు దగ్గర వేలిముద్ర వేసే స్టోర్ అకౌంటెంట్ కన్సల్టెంట్ కాడు. ఆదాయపు పన్ను వివరాల్లో తనకు వచ్చిన డబ్బు జీతంగా నమోదైందా, వృత్తి రుసుముగా నమోదైందా అని చూసుకుంటే యాజమాన్యం తనను ఏ లెక్కలో రాసుకుందో తెలిసిపోతుంది. పింఛను, కొత్త జీతం రెండూ పన్ను లెక్కలో జీతపు ఆదాయం కిందే కలుస్తాయి కాబట్టి, చేరిన రోజే కొత్త యజమానికి పింఛను మొత్తం కూడా చెబితే ఏడాది చివర పన్ను ఒక్కసారిగా మీద పడదు.

మన అకౌంటెంట్ 2026 నవంబరు 30న కాంట్రాక్టు ముగించుకుంటే, పీఎఫ్ కొనసాగించిన దారిలో ఆయన చేతిలో నెలనెలా ఆగకుండా వచ్చిన 3,100 పింఛను, పాత నిల్వతో కలిసిన 43,200 రూపాయల కొత్త జమ, దాని మీద వడ్డీ, 10,385 రూపాయల గ్రాట్యుటీ ఉంటాయి. ఆ రోజు మళ్లీ ఆయన ముందుకు వచ్చే కాగితం ఫారం 19. మరో సీజనుకు పిలుపు వచ్చే అవకాశం ఉంటే, దాన్ని నింపడం ఇంకొన్ని నెలలు ఆపవచ్చు. వడ్డీకి 36 నెలల గడువు ఉంది.